వానాకాలంలో గొర్రెలు, మేకల గిట్టల కుళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

గిట్టల కుళ్లు బురద వల్ల వస్తుందా, సూక్ష్మజీవి వల్ల వస్తుందా?

రెండూ కలిస్తేనే వస్తుంది. బట్టలు ఉతికిన చేతివేళ్లు తెల్లగా నాని ముడతలు పడినట్టే, రోజుల తరబడి బురదలో, పేడనీళ్లలో నిలబడ్డ గొర్రెకు రెండు గిట్టల సందున ఉండే పలుచని తోలు నాని మెత్తబడుతుంది. పేడలోనూ బురదలోనూ ఎప్పుడూ ఉండే ఫ్యూసోబ్యాక్టీరియం నెక్రోఫోరం అనే బ్యాక్టీరియా ముందుగా ఆ నానిన తోలును ఒరిపిస్తుంది. ఇక్కడితో ఆగితే అది గిట్టల సందు ఒరుపు మాత్రమే, నేల ఆరితే చాలావరకు దానంతట అదే తగ్గుతుంది.

ఆ మందలో డైకెలోబ్యాక్టర్ నోడోసస్ అనే రెండో బ్యాక్టీరియా కూడా ఉంటే కథ మారుతుంది. అది గిట్ట పెంకును లోపలి మెత్తని కండకు అతికి ఉంచే పొరను కరిగిస్తూ, సందు నుంచి అరికాలి కిందికి, అక్కడి నుంచి పక్క పెంకు కిందికి పాకుతుంది. అసలు గిట్టల కుళ్లు ఇదే. ఈ బ్యాక్టీరియాకు గాలి తగిలితే బతకలేదు కనుక అది పెంకు కింద చీకటి సందుల్లో దాక్కుంటుంది. చికిత్సలో ఎదురయ్యే ఇబ్బందులన్నీ ఈ ఒక్క లక్షణం నుంచే పుడతాయి.

వాతావరణం 10 డిగ్రీల సెల్సియస్‌కు పైన ఉండి, నేల తడిగా ఉన్నప్పుడే ఇది ఒక జీవం నుంచి మరో జీవానికి బాగా పాకుతుంది. చలిదేశాల్లో శీతకాలం దీనికి కొంత అడ్డుకట్ట వేస్తుంది. మన ప్రాంతంలో ఉష్ణోగ్రత ఏడాదంతా దానికి అనుకూలమే కాబట్టి ఇక్కడ లెక్కలోకి వచ్చేది తడి ఒక్కటే. తెలంగాణలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా, నెల్లూరు వైపు ఈశాన్య రుతుపవనాల వల్ల అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కుంటే జీవాలు ఎక్కువ కావడానికి కారణం ఇదే.

మా మందలో ఇదివరకు ఎన్నడూ లేదు. ఈ ఏడు ఎక్కడి నుంచి వచ్చింది?

దాదాపు ఎప్పుడూ మరో జీవం కాలి నుంచే వస్తుంది. నోడోసస్ బ్యాక్టీరియా మట్టిలో ఎక్కువ కాలం బతకదు. సాధారణంగా కొన్ని రోజులే, జాగ్రత్తగా లెక్కేసుకున్నా రెండు వారాలకు మించదు. అదే ఒక గొర్రె గిట్ట పగుళ్లలో అయితే నెలల తరబడి, ఒక వానాకాలం నుంచి మరో వానాకాలం దాకా కూడా ఉండగలదు. ఎండాకాలంలో కుంటకుండా మామూలుగా తిరిగిన గొర్రే మొదటి ముసురుకు మందకంతా అంటిస్తుంది.

కనుక సంతలో కొన్న పొట్టేలు, వలస దారిలో కలిసిన మరో మంద, ఒకే చెరువుగట్టున వంతులవారీగా మంద కట్టిన నేల వంటివాటిని ముందుగా అనుమానించాలి. తెలంగాణలో 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకం కింద 20 గొర్రెలు, ఒక పొట్టేలుతో కూడిన యూనిట్లను చాలావరకు పొరుగు రాష్ట్రాల నుంచి తెచ్చారు. అలా రకరకాల చోట్ల నుంచి జీవాలు వచ్చి కలిసే సందర్భం ఏదైనా ఈ వ్యాధి విషయంలో జాగ్రత్తపడవలసినదే. ఆంధ్రప్రదేశ్ మందల్లో ఈ బ్యాక్టీరియా ఉన్నట్టు 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది కాబట్టి ఇది కశ్మీరు వంటి చల్లని కొండప్రాంతాల జబ్బు మాత్రమే అనుకోవడం సరికాదు.

కొత్త జీవాలను కనీసం మూడు నాలుగు వారాలు వేరుగా ఉంచి, తెచ్చిన రోజే నాలుగు కాళ్లూ ఎత్తి చూసి, కింద చెప్పిన కాళ్ల తొట్టిలో నిలబెట్టాకే మందలో కలపాలి. అనుభవంలో ఈ వారాల ఓపికే కరవవుతుంది. కొన్న పొట్టేలును ఆ సాయంత్రమే మందలో వదిలేసేవారే ఎక్కువ.

కుంటే గొర్రె కాలు ఎత్తి చూస్తే ఏమేం కనబడాలి?

గొర్రెను పిరుదుల మీద కూర్చోబెట్టి, దాని వీపును మీ మోకాళ్లకు ఆనించుకుంటే అది పెద్దగా గింజుకోదు. మేక ఇలా కూర్చోదు, నిలబడి ఉండగానే ఒక్కో కాలూ మడిచి చూడాలి. బురదను నీళ్లతో కడిగి, రెండు గిట్టలనూ వేళ్లతో విడదీయండి.

ఒరుపు దశలో సందులోని తోలు ఎర్రగానో, తెల్లని పాలమీగడ వంటి పలుచని పొరతోనో తడితడిగా ఉంటుంది. వెంట్రుకలు ఊడిపోయి ఉండవచ్చు. వాసన పెద్దగా ఉండదు, గిట్ట పెంకు గట్టిగా అతుక్కునే ఉంటుంది. గిట్టల కుళ్లు మొదలైతే సందు లోపలి అంచున, మడమ దగ్గర, పెంకు తోలు నుంచి విడివడి సన్నని చీలికగా తెరుచుకుంటుంది. ఆ చీలికలోంచి బూడిదరంగు జిగట పదార్థం వస్తుంది. దాని దుర్వాసన ఒక్కసారి చూసినవారు మరిచిపోరు, చేతికి అంటితే సబ్బుతో కడిగినా చాలాసేపు వదలదు. కొందరు అనుభవజ్ఞులైన కాపరులు కాలు ఎత్తకుండానే, దొడ్డిలోకి వెళ్లగానే వాసనను బట్టి చెప్పగలరు. ముదిరితే అరికాలు మొత్తం కింద ఖాళీ ఏర్పడి, చివరికి పెంకు ఊడి వేలాడుతుంది. రెండు ముందుకాళ్లకూ వచ్చిన గొర్రె మోకాళ్ల మీద నడుస్తూ మేస్తుంది.

కుంటేవన్నీ గిట్టల కుళ్లేనా? గాలికుంటు కాదని ఎలా తెలుస్తుంది?

కాదు. ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకోకుండా మందు వేయకూడదు. గాలికుంటులో ఒకటి రెండు రోజుల్లోనే చాలా జీవాలు జ్వరంతో ఒక్కసారిగా కుంటుతాయి. నోటిలో, చిగుళ్ల మీద, గిట్టల పైఅంచున పొక్కులు లేదా అవి పగిలిన పుండ్లు ఉంటాయి. గొర్రెల్లో నోటిపుండ్లు చిన్నవిగా ఉండి త్వరగా మానిపోతాయి కనుక నోరు తెరిచి జాగ్రత్తగా చూడాలి. నీలినాలుక వ్యాధిలో మూతి, పెదవులు వాచి, ముక్కు కారుతూ, గిట్టలకు పైన తోలు కలిసే చోట ఎర్రని చార ఏర్పడి జీవం బిగుసుకుని నడుస్తుంది. సందులో కుళ్లు ఉండదు. ఈ రెండింటిలో ఏది అనుమానం వచ్చినా మందను కదిలించకుండా వెంటనే పశువైద్యునికి, లేదా సంచార పశువైద్య వాహనం కోసం 1962 నంబరుకు తెలియజేయాలి.

ఒకే జీవం, ఒకే కాలు, వేడిగా వాచి ఉంటే అది ముల్లో, గిట్ట లోపలి చీముగడ్డో అయ్యే అవకాశం ఎక్కువ. తుమ్మముల్లు అరికాల్లో విరిగి ఉంటే బయటకు నల్లని చుక్క మాత్రమే కనబడుతుంది.

గిట్టల కుళ్లే అని తేలింది. మొదటి రోజు ఏం చేయాలి?

కుంటిన జీవాన్ని ఆ రోజే మంద నుంచి వేరుచేసి పొడినేల మీద కట్టేయాలి. కుంటడం కనబడిన మూడు రోజుల్లోపు మందు పడితే ఒక్క ఇంజెక్షన్‌తోనే చాలా జీవాలు కోలుకుంటాయి. వారం దాటాక పెంకు కిందికి చేరిన బ్యాక్టీరియాను వెళ్లగొట్టడం కష్టమవుతుంది, ఈలోగా అది నడిచిన చోటల్లా మిగతావాటికి అంటిస్తుంది.

సాధారణంగా వాడేది ఎక్కువ కాలం పనిచేసే ఆక్సిటెట్రాసైక్లిన్. మిల్లీలీటరుకు 200 మిల్లీగ్రాములు ఉండే రకంలో 10 కిలోల బరువుకు ఒక మిల్లీలీటరు చొప్పున, అంటే 30 కిలోల గొర్రెకు 3 మిల్లీలీటర్లు, మెడ కండలో ఇస్తారు. దుకాణంలో మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములు ఉండే మామూలు రకం కూడా దొరుకుతుంది. రెండింటి పేరూ ఒకటే కావడంతో దాన్ని కూడా 3 మిల్లీలీటర్లే వేసి, మందు పనిచేయలేదని అనుకునేవారు ఉన్నారు. సీసా మీది అంకె చదవాలి, మోతాదు పశువైద్యునితో సరిచూసుకోవాలి. గిట్టల సందును శుభ్రం చేసి, పొడిగా తుడిచి, యాంటీబయాటిక్ స్ప్రే కొట్టాలి. తరవాత కనీసం 24 గంటలు ఆ జీవం కాళ్లు తడవకూడదు. పొడినేల మీద ఉన్న జీవంలో మందు బాగా పనిచేస్తుంది, ఇంజెక్షన్ వేసి మళ్లీ బురదలోకి తోలితే సగం ఫలితం పోతుంది.

కుళ్లిన పెంకును కోసేస్తే గాలి తగిలి త్వరగా మానుతుంది కదా?

తరతరాలుగా ఇలాగే చేస్తున్నారు. పుస్తకాల్లో కూడా చాలాకాలం ఇదే రాశారు. గాలి తగిలితే బ్యాక్టీరియా చస్తుందన్న మాట నిజమే కనుక తర్కం సరిగానే తోస్తుంది. అయితే బ్రిటన్‌లోని వార్విక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రచురించిన ప్రయోగంలో, యాంటీబయాటిక్ ఇచ్చి గిట్ట కోయకుండా వదిలిన గొర్రెలే ముందుగా కోలుకున్నాయి. గిట్ట కోయడం కోలుకోవడాన్ని ఆలస్యం చేసింది.

ఎందుకంటే, వాచి నొప్పిగా ఉన్న గిట్టను కోసినప్పుడు కత్తి బతికిన కండ దాకా పోతుంది. రక్తం కారిన చోట తరవాత ఎర్రని కండ ముద్దలా పెరిగి ఆ జీవం శాశ్వతంగా కుంటిదవుతుంది. అంతేకాక ఆ కత్తికీ, కింద రాలిన పెంకు ముక్కలకూ బ్యాక్టీరియా అంటి ఉంటుంది. ఒకే కత్తితో వరుసగా పది గొర్రెల గిట్టలు చెక్కడమంటే జబ్బును పదింటికీ పంచడమే. కనుక జబ్బుగా ఉన్నప్పుడు కత్తి ముట్టవద్దు. ఊడి వేలాడుతూ నడకకు అడ్డుపడే ముక్క ఉంటే దాన్ని మాత్రం, రక్తం రాకుండా కత్తిరించవచ్చు. మిగతా వంకరలు జీవం బాగా నడవడం మొదలుపెట్టాక నేల రాపిడికి వాటంతట అవే చాలావరకు సర్దుకుంటాయి.

మరి గిట్టలు ఎప్పుడు కత్తిరించాలి?

ఎండాకాలం చివర్లో, తొలకరికి ముందు, పొడవుగా పెరిగినవాటికి మాత్రమే. అరికాలికి సమంగా తెల్లని పెంకు మాత్రం తీయాలి, గులాబీరంగు కనబడగానే ఆపాలి. ఒక్కో జీవానికీ మధ్య కత్తెరను క్రిమిసంహారక ద్రావణంలో ముంచాలి, ముక్కలను ఏరి కాల్చేయాలి. రోజూ మైళ్లు నడిచే నెల్లూరు, దక్కనీ గొర్రెలకు దీని అవసరం తక్కువ. కట్టేసి మేపే మేకలకు ఎక్కువ.

కాళ్ల తొట్టి ఎలా కట్టాలి? ఒక లెక్కతో చెప్పండి.

80 గొర్రెల మంద అనుకుందాం. ముసురు పట్టిన వారానికి 9 కుంటుతున్నాయి. కాపరి అన్నింటి కాళ్లూ ఎత్తి చూస్తే, కుంటని వాటిలో మరో 5 గొర్రెల సందు ఎర్రగా ఒరిసి ఉంది. కుంటే 9 గొర్రెలకు పైన చెప్పినట్టు ఇంజెక్షన్ వేసి పొడి కొట్టంలో వేరుగా ఉంచాలి. మిగిలిన 71 తొట్టిలోకి వెళ్తాయి. ఒరిసిన 5 గొర్రెలకు తొట్టి అయ్యాక కాళ్లు ఆరనిచ్చి స్ప్రే కూడా కొట్టాలి.

రెండు మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పున నేలను చదును చేసి, చుట్టూ ఇటుకలు పేర్చి, పైన మందపాటి టార్పాలిన్ పరిస్తే తొట్టి అవుతుంది. గిట్టలు దిగి టార్పాలిన్ చిరగకుండా అడుగున గోనెసంచులు పరవాలి. అవి ద్రావణాన్ని పీల్చుకుని గిట్టల సందులోకి ఒత్తుతాయి కూడా. 6 సెంటీమీటర్ల లోతుకు 120 లీటర్ల నీళ్లు పడతాయి. 100 లీటర్లకు 10 కిలోల చొప్పున 12 కిలోల జింక్ సల్ఫేట్ కలపాలి. ఎరువుల దుకాణంలో 21 శాతం జింక్ అని రాసి ఉండే స్ఫటికాల రకం దీనికి పనికొస్తుంది. అది గోరువెచ్చని నీళ్లలో తొందరగా కరుగుతుంది. ఒక చిన్న గ్లాసు ద్రవ సబ్బు కలిపితే ద్రావణం సందుల్లోకి బాగా దిగుతుంది.

ఒక్కో విడతకు ఆరు గొర్రెలు పడతాయి, 10 నిమిషాలు నిలబడాలి. 71కి 12 విడతలు, అంటే రెండు గంటలు, తోలడానికి పట్టే సమయం అదనం. ఇక్కడే చాలామంది ఓపిక చాలక గొర్రెలను తొట్టిలోంచి పరుగున దాటిస్తారు. అలా దాటించడంతో గిట్ట తడవడమే గానీ మందు పెంకు కిందికి చేరదు. తొట్టికి ముందు వట్టి నీళ్లలో ఒకసారి నడిపించి బురద వదిలించాలి, లేకుంటే మూడు విడతలకే ద్రావణం బురదనీళ్లవుతుంది. దాహంగా ఉన్న గొర్రె తొట్టిలోది తాగుతుంది కనుక ముందే కడుపునిండా నీళ్లు పెట్టాలి. బయటికి వచ్చాక గంటసేపు గట్టి పొడినేల మీద నిలిపి, ఆ తరవాత కనీసం రెండు వారాలుగా ఏ గొర్రే మేయని చోటికి తోలాలి. పాత దొడ్డిలోకే మళ్లీ తోలితే పడ్డ శ్రమ వృథా.

వారానికోసారి చొప్పున మూడు నాలుగు వారాలు ఇలా చేయాలి. ఇంజెక్షన్ వేసిన 9 గొర్రెలను ఐదో రోజున మళ్లీ చూసి, ఇంకా కుంటేవాటికి మరో మోతాదు అవసరమా అని వైద్యుడిని అడగాలి. తొట్టి ఆరోగ్యంగా ఉన్నవాటిని కాపాడడానికీ, ఒరుపును మాన్పడానికీ ఉపయోగపడుతుంది. పెంకు విడిపోయిన జీవాన్ని తొట్టి ఒక్కటే బాగుచేయలేదు.

జింక్ సల్ఫేట్ బదులు మైలుతుత్తం గానీ ఫార్మలిన్ గానీ వాడవచ్చా?

మైలుతుత్తం 100 లీటర్లకు 5 కిలోలు కలిపి చాలామంది వాడతారు, పనిచేస్తుంది. అయితే రాగి విషయంలో గొర్రె చాలా సున్నితమైన జీవం. తొట్టిలోది తాగినా, కాళ్లకు అంటినది గడ్డి మీద పడి దాన్ని మేసినా రాగి కాలేయంలో పేరుకుని, కొన్నాళ్లకు కళ్లు పచ్చబడి, మూత్రం ముదురు ఎరుపుగా మారి చనిపోవచ్చు. ఇనుప తొట్టిని తినేస్తుంది, ఉన్నికి రంగు పడుతుంది. మేకలు కొంతవరకు తట్టుకుంటాయి. ఫార్మలిన్ 3 శాతం మించితే తోలు కాలుతుంది, పుండు ఉన్న కాలికి విపరీతమైన మంట, పీల్చినవారికి కళ్లు, గొంతు మండుతాయి. మూసిన కొట్టంలో అసలు వాడకూడదు. మూడింటిలో జింక్ సల్ఫేటే మేలు. ఇంటి దగ్గర రెండు మూడు మేకలే ఉంటే తొట్టి అక్కరలేదు, ఒక ప్లాస్టిక్ బేసిన్‌లో ఒక్కో కాలూ ముంచి పట్టుకుంటే చాలు.

పుండులో పురుగులు పడ్డాయి. ఏం చేయాలి?

టర్పెంటైన్ నూనెలో తడిపిన దూదిని కాసేపు పెడితే పురుగులు పైకి వస్తాయి. వాటిని పట్టకారుతో ఏరి, కడిగి, ఈగలు వాలకుండా చేసే పైపూత రాయాలి. రోజూ చూస్తుండాలి.

మేకల్లో ఇది వేరుగా ఉంటుందా?

మేకల్లో ఎక్కువగా సందు ఒరుపు దగ్గరే ఆగుతుంది, గొర్రెల్లోలా పెంకంతా విడిపోవడం తక్కువ. అందువల్లే కుంటని మేక జబ్బును మోసుకు తిరుగుతుంది. గొర్రెలూ మేకలూ కలిసి ఉన్న మందలో గొర్రెలకు మాత్రమే మందు వేసి, తొట్టికి తోలి, మేకలను వదిలేస్తే నెల తిరగకుండా మళ్లీ మొదటికి వస్తుంది.

దొడ్డిలో ఏం మార్చాలి?

దొడ్డి అంతా ఒకేలా తడవదు. ఎక్కువ కాళ్లు తడిసేది ద్వారం దగ్గర, నీళ్ల తొట్టి చుట్టూ. మొత్తం దొడ్డి బాగుచేసే స్తోమత లేకపోయినా ఈ రెండు చోట్ల అడుగు ఎత్తున మొరం పోసి దిమ్మిసా వేస్తే చాలా తేడా కనబడుతుంది. పడుకునే చోటు వాలుగా, చుట్టూ నీళ్లు పోయే కాలువతో ఉండాలి. మేకలకు సందులున్న చెక్కల మంచె మీద పడక ఇంకా మంచిది. పేడ రోజూ ఎత్తాలి. తడి పీల్చుకోవడానికి పొడి బూడిద, చల్లారిన సున్నం చల్లవచ్చు గానీ తాజాగా కాల్చిన సున్నం నానిన తోలును కాల్చేస్తుంది. మందను మంచు ఆరాకే మేతకు వదలాలి. నల్లరేగడిలో మేస్తే సందులో ఇరుక్కున్న మట్టి సాయంత్రానికి గట్టిపడి రాయిలా ఒరుస్తుంది కనుక ఇంటికి రాగానే తీసేయాలి.

దీనికి టీకా ఉందా?

కొన్ని దేశాల్లో ఉంది. మన దగ్గర ఏటా వేసే చిటుకరోగం, పి.పి.ఆర్. వంటి టీకాలు దీన్ని ఆపవు. నోడోసస్‌లో పది ఉపరకాలు ఉన్నాయి, ఒకదాని టీకా మరోదాని నుంచి కాపాడదు. జబ్బు వచ్చి తగ్గిన జీవానికి కూడా నిలకడైన రోగనిరోధక శక్తి రాదు, అదే వానాకాలంలో మళ్లీ రావచ్చు.

ఒకే గొర్రెకు పదేపదే వస్తోంది. అమ్మేయాలా?

సరైన మోతాదు రెండుసార్లు పడి, పొడినేల మీద ఉంచినా మానని గొర్రె, గిట్ట వంకరపోయి పగుళ్లు నిలిచిపోయిన గొర్రె మందలో ఉన్నంతకాలం మిగతావాటికి ముప్పే. దాన్ని తీసేయడం ఖర్చుతో చూసినా లాభమే. అయితే సంతలో మరొకరి మందకు పెంపకానికి అమ్మడం అన్యాయం, మాంసానికే ఇవ్వాలి. అదైనా మందు సీసా మీద రాసిన గడువు పూర్తయ్యాకే. మేకపాలకూ అదే నియమం. ఈ జబ్బు మనుషులకు అంటదు గానీ, కాళ్లు ఎత్తి చూసినవారు మరో మందలోకి వెళ్లే ముందు చేతులు, చెప్పులు కడుక్కోవాలి.

వాడిన ద్రావణాన్ని ఎక్కడ పారబోయాలి?

చెరువులోకి, వాగులోకి, బావి దగ్గర, చేపల గుంట వైపు వాలుగా ఉన్న చోట పోయకూడదు. జింక్ అయినా రాగి అయినా చేపలకు విషం. జీవాలు మేయని మెట్టభూమిలో గుంత తవ్వి పోసి, ఇంకిన తరవాత పూడ్చాలి. గుంత నిండా ద్రావణం ఉన్నంతసేపు చుట్టూ ముళ్లకంప వేయాలి, దాహమేసిన గొర్రె నేరుగా అక్కడికే వస్తుంది.